విదేశంలో పాస్‌పోర్టు పోయిన రోజు: రాయబార కార్యాలయానికి రాయవలసిన లేఖ

ఇంటి వ్యవహారాలు

ఈ నెల శీర్షికకు విషయాన్ని ఒక పాఠకురాలే అందించారు. ఆమెది వాల్మీకిపురం. తల్లిదండ్రులు ఉమ్రాకు వెళ్ళినప్పుడు మక్కాలో తల్లి పాస్‌పోర్టు దొంగల పాలైంది. ఆ వారం రోజులలో తాము రాసిన రెండు లేఖల ప్రతులను ఆ సోదరి మాకు పంపారు. మొదటి లేఖతో ఏ పనీ జరగలేదు. రెండవ లేఖతో పని జరిగింది. "తేడా ఏమిటో మాకు ఆలస్యంగా తెలిసింది. ఇతరులకు ముందే తెలిస్తే మేలు కదా" అని ఆమె రాశారు. కుటుంబం పేరు ప్రకటించవద్దని కోరారు గనుక ఊరి పేరు మాత్రమే చెబుతున్నాము.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల నుండి ఉమ్రాకు వెళ్ళేవారు చాలామంది బెంగుళూరులో విమానం ఎక్కుతారు. ఈ దంపతులు కూడా అలాగే ఒక బృందంతో వెళ్ళారు. తండ్రికి అరవై ఎనిమిదేళ్ళు, తల్లికి అరవై రెండు. తల్లికి మధుమేహం ఉంది, రోజూ ఇన్సులిన్ తీసుకోవాలి. ఆ నెల 12వ తేదీ బుధవారం ఇషా నమాజు తరువాత హరమ్ నుండి బసకు తిరిగి వస్తుండగా, బస్సు ఎక్కే రద్దీలో ఆమె భుజాన ఉన్న సంచి పోయింది. సంచి పట్టీ మాత్రం భుజం మీదనే మిగిలింది. పట్టీని ఎవరో పదునైన దానితో కోశారు. సంచిలో పాస్‌పోర్టు, కొంత డబ్బు, కళ్ళద్దాలు, మందుల చీటీ ఉన్నాయి. తిరుగు ప్రయాణం 18వ తేదీ మంగళవారం తెల్లవారుజామున, జెద్దా నుండి.

చూడటానికి వారి చేతిలో ఐదు రోజులు ఉన్నట్లే ఉంది. కాని సౌదీ అరేబియాలో వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. మన దేశ కార్యాలయం కూడా అక్కడ ఆదివారం నుండి గురువారం వరకే పనిచేస్తుంది. అంటే మిగిలిన పనిదినాలు మూడే: గురువారం, ఆదివారం, సోమవారం. అందులో గురువారాన్ని వారు పోగొట్టుకున్నారు.

గురువారం ఎలా పోయింది?

బృందాన్ని తీసుకువెళ్ళిన ప్రతినిధి "ఎవరికైనా దొరికితే తెచ్చి ఇస్తారు, ఒక రోజు చూద్దాం" అన్నాడు. తండ్రి ఆ మాట నమ్మి పోలీసు స్టేషనుకు వెళ్ళలేదు. ఇక్కడ వాల్మీకిపురంలో కుమార్తె మాత్రం ఊరుకోలేక రాత్రికి రాత్రే మూడు పేజీల లేఖ రాసి, తెల్లవారగానే రియాద్‌లోని భారత రాయబార కార్యాలయానికి ఈమెయిలులో పంపారు.

ఆ మొదటి లేఖ మా ముందు ఉంది. అది చదివితే ఎవరికైనా మనసు కరుగుతుంది. తల్లి ఎన్నేళ్ళుగా ఉమ్రా కోసం రూపాయి రూపాయి కూడబెట్టిందో, తండ్రి టమాటా మండీలో ఎంత కష్టపడ్డాడో, తల్లి ఆరోగ్యం ఎలాంటిదో అందులో ఉంది. "దయచేసి వెంటనే కొత్త పాస్‌పోర్టు ఇప్పించండి" అన్న వాక్యం నాలుగుసార్లు ఉంది. పాస్‌పోర్టు నంబరు లేదు. తిరుగు ప్రయాణం తేదీ లేదు. మక్కాలో తండ్రిని కలుసుకోవటానికి ఫోను నంబరు లేదు. "పాస్‌పోర్టు కనిపించటం లేదు" అని ఒకచోట, "దొంగలు ఎత్తుకెళ్ళారు" అని మరొకచోట ఉంది.

లేఖ పంపిన చోటు కూడా సరైనది కాదు. సౌదీలో మన దేశానికి రెండు కార్యాలయాలు ఉన్నాయి. రియాద్‌లో రాయబార కార్యాలయం, జెద్దాలో కాన్సులేట్ జనరల్. మక్కా, మదీనా, తబూక్ మొదలైన పశ్చిమ ప్రాంతాలు జెద్దా పరిధిలోకి వస్తాయి. కాబట్టి ఉమ్రా యాత్రికుని పాస్‌పోర్టు పని జరిగేది జెద్దాలోనే. మక్కా నుండి జెద్దా సుమారు 80 కిలోమీటర్లు. మనం వాడుకలో అన్నింటినీ "ఎంబసీ" అంటాము. కాని లేఖ రాసేటప్పుడు, మనిషి ఉన్న ఊరు ఏ కార్యాలయం పరిధిలోనిదో చూసుకుని ఆ కార్యాలయానికే రాయాలి. రియాద్ నుండి "జెద్దాను సంప్రదించండి" అని జవాబు వచ్చేసరికి గురువారం పని వేళలు ముగిశాయి.

అడగవలసింది ఏమిటి?

లేఖలో అతి పెద్ద లోపం అడిగిన వస్తువులోనే ఉంది. ఆ సోదరి కొత్త పాస్‌పోర్టు అడిగారు. ఆమె తల్లికి అవసరమైనది అది కాదు.

పాస్‌పోర్టు పోయినవారికి విదేశంలోని మన కార్యాలయం రెండింటిలో ఒకటి ఇవ్వగలదు. ఒకటి, పోయినదానికి బదులుగా మరొక పూర్తి పాస్‌పోర్టు. దీనికి ముందు ఆ వ్యక్తి వివరాలను పాత పాస్‌పోర్టు జారీ చేసిన కార్యాలయం రికార్డులతో సరిచూడాలి. కొన్నిసార్లు స్వదేశంలో పోలీసు విచారణ కూడా ఉంటుంది. దీనికి రోజులు పడతాయి, ఒక్కొక్కసారి వారాలు పడతాయి. రెండవది ఎమర్జెన్సీ సర్టిఫికెట్. ఇది స్వదేశానికి తిరిగి రావటానికి ఒకేసారి పనికివచ్చే ప్రయాణ పత్రం. దీనితో మరొక దేశానికి వెళ్ళటం కుదరదు. కాని మనిషి భారత పౌరుడేనని రూఢి అయితే, దీనిని చాలా త్వరగా ఇవ్వగలరు.

ఏది అడగాలో నిర్ణయించుకోవటానికి ఒక ప్రశ్న చాలు: ఈ మనిషి ఇక్కడి నుండి నేరుగా ఇంటికి వెళతాడా, లేక ఈ దేశంలోనే ఉండవలసినవాడా? ఉమ్రా యాత్రికులు, చుట్టపుచూపుగా వెళ్ళినవారు, విహారయాత్రకు వెళ్ళినవారు ఇంటికి రావలసినవారు. వారు ఎమర్జెన్సీ సర్టిఫికెట్ అడగాలి. కువైట్‌లో పని చేసుకుంటున్న మన రాయచోటి, మదనపల్లె ప్రాంతపు సోదరుల సంగతి వేరు. వారి నివాస అనుమతి, సివిల్ ఐడీ పాస్‌పోర్టుతో ముడిపడి ఉంటాయి. తొందరపడి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ తీసుకుంటే అది ఇంటికి రావటానికే పనికివస్తుంది, తిరిగి ఉద్యోగానికి వెళ్ళే దారి చిక్కులో పడవచ్చు. వారు పోయిన పాస్‌పోర్టుకు బదులుగా పూర్తి పాస్‌పోర్టునే అడగాలి, దానికి పట్టే సమయాన్ని ఓర్చుకోవాలి.

లేఖ అందుకునే ఉద్యోగి మొదట చూసేది ఈ ఒక్క సంగతే. "వెంటనే కొత్త పాస్‌పోర్టు" అని రాస్తే ఆ కాగితం ఆలస్యమయ్యే వరుసలోకి వెళుతుంది. "18వ తేదీన స్వదేశానికి తిరిగి వెళ్ళటానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్" అని రాస్తే త్వరగా కదిలే వరుసలోకి వెళుతుంది. లేఖలో ఎన్నిసార్లు "అత్యవసరం" అని రాసినా ఈ తేడాను పూడ్చలేదు.

శుక్ర, శనివారాలలో సర్దుకున్న పనులు

శుక్రవారం జుమా తరువాత తండ్రి, అరబ్బీ వచ్చిన ఒక తోటి యాత్రికుని వెంటబెట్టుకుని పోలీసు స్టేషనుకు వెళ్ళాడు. కోసిన పట్టీని చూపించాడు. నివేదికలో "పోయింది" అని కాక "దొంగిలించారు" అని నమోదు చేయించటానికి ఆ పట్టీయే తోడ్పడింది. నివేదికలో పాస్‌పోర్టు నంబరు తప్పక ఉండేలా చూసుకోవాలి. నంబరు లేని నివేదిక ఏ పాస్‌పోర్టు గురించో చెప్పదు. నివేదిక అరబ్బీలో ఉంటుంది గనుక, దాని తేదీ, నంబరు, స్టేషను పేరు ఒక కాగితం మీద ఆంగ్లంలో రాయించి జతచేయాలి.

మరి ఆ నంబరు ఎక్కడ దొరికింది? ప్రయాణానికి ముందు వీసా కోసం ఏజెంటుకు పంపిన ఫోటో కుమార్తె ఫోనులో ఉంది. అది మొదటి పేజీ మాత్రమే. మన పాస్‌పోర్టు చివరి పేజీలో తల్లిదండ్రుల పేర్లు, భర్త లేక భార్య పేరు, చిరునామా, ఫైలు నంబరు ఉంటాయి. ఆ ఫైలు నంబరుతో కార్యాలయంవారు పాత దరఖాస్తును తమ కంప్యూటరులో సులువుగా తెరవగలరు. చివరి పేజీ ఫోటో వీరి వద్ద లేదు. కాని పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసిన నాటి రసీదు బీరువాలో దొరికింది. దాని మీద ఫైలు నంబరు ఉంది. ఏ కాగితమూ దొరకనివారికి వీసా పత్రం మీద పాస్‌పోర్టు నంబరు ఉంటుంది. బృందం జాబితాలో కూడా ఉంటుంది. ఏజెంటు కార్యాలయంలో అడిగితే నకలు దొరకవచ్చు.

ఇక్కడ మన ఊరికి సంబంధించిన ఒక చిక్కు కూడా బయటపడింది. తల్లి పాస్‌పోర్టులో పుట్టిన ఊరు "వాయల్పాడు" అని ఉంది. వాల్మీకిపురానికి అది పాత పేరని మనకందరికీ తెలుసు. కాని ఆధార్ కార్డులో "వాల్మీకిపురం" అని ఉంది. మొదటి లేఖలో కుమార్తె ఆధార్ చూసి వాల్మీకిపురం అనే రాశారు. జిల్లా సంగతి కూడా అంతే. పాత కాగితాలలో చిత్తూరు జిల్లా. 2022 ఏప్రిల్‌లో అన్నమయ్య జిల్లా ఏర్పడిన తరువాతి కాగితాలలో వేరు. జెద్దాలో కూర్చున్న ఉద్యోగికి ఈ రెండూ ఒకే ఊరని తెలియటానికి వీలు లేదు. రెండు కాగితాలలో రెండు ఊళ్ళు కనబడితే ఆగి అడుగుతాడు. అడిగితే మరొక రోజు పోతుంది.

పేర్ల విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. మన ఇళ్ళలో షేక్, పఠాన్, సయ్యద్ వంటి ఇంటిపేర్లను ఆంగ్లంలో రెండు మూడు విధాలుగా రాస్తారు. పాస్‌పోర్టులో ఒకటి, ఆధార్‌లో ఒకటి, ఓటరు కార్డులో మరొకటి ఉండటం సాధారణం. లేఖలో పాస్‌పోర్టులోని అక్షరాలనే యథాతథంగా రాయాలి. మన దృష్టిలో అది తప్పుగా ఉన్నా సరే, సరిదిద్దటానికి ఇది సమయం కాదు.

రెండవ లేఖ

శనివారం రాత్రి కుమార్తె రెండవ లేఖ రాశారు. అది ఒక పేజీ. ఆంగ్లంలో వెళ్ళిన ఆ లేఖను ఇక్కడ తెలుగులో ఇస్తున్నాము. వ్యక్తిగత వివరాల స్థానంలో ఏమి రాయాలో కుండలీకరణాలలో సూచించాము.

కాన్సుల్ (పాస్‌పోర్టు విభాగం) గారికి,
భారత కాన్సులేట్ జనరల్, జెద్దా.

విషయం: మక్కాలో దొంగతనానికి గురైన భారత పాస్‌పోర్టు నం. (నంబరు) స్థానంలో, 18వ తేదీన స్వదేశానికి తిరిగి వెళ్ళటానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ కోరుతూ.

అయ్యా / అమ్మా,

1. నేను (పాస్‌పోర్టులో ఉన్నట్లు పూర్తి పేరు), భారత పౌరురాలిని. పుట్టిన తేదీ (తేదీ). పుట్టిన ఊరు పాస్‌పోర్టు ప్రకారం వాయల్పాడు, చిత్తూరు జిల్లా. ఆ ఊరికే ఇప్పటి పేరు వాల్మీకిపురం. నా పాస్‌పోర్టు (తేదీ)న (జారీ చేసిన కార్యాలయం)లో జారీ అయింది. ఫైలు నంబరు (నంబరు).

2. ఉమ్రా వీసా నం. (నంబరు)పై (తేదీ)న జెద్దా విమానాశ్రయం ద్వారా ఈ దేశంలోకి వచ్చాను. నా వీసా ప్రకారం ఇక్కడ ఉండగల చివరి రోజు (తేదీ).

3. 12వ తేదీ బుధవారం రాత్రి సుమారు 9 గంటలకు, మక్కాలో హరమ్ సమీపాన బస్సు ఎక్కుతుండగా నా భుజాన ఉన్న సంచి పట్టీని కోసి సంచిని దొంగిలించారు. పాస్‌పోర్టు అందులో ఉంది. 14వ తేదీన (స్టేషను పేరు)లో ఫిర్యాదు చేశాను. నివేదిక నంబరు (నంబరు). ఫిర్యాదు రెండు రోజులు ఆలస్యమైంది. సంచి తిరిగి దొరుకుతుందేమోనని ఎదురుచూశాము.

4. నాకు 18వ తేదీ మంగళవారం తెల్లవారుజామున జెద్దా నుండి బెంగుళూరుకు నేరుగా వెళ్ళే విమానంలో టికెట్ ఉంది. నేను నేరుగా భారతదేశానికే వెళతాను, మరే దేశానికీ వెళ్ళను. నాకు మధుమేహం ఉంది. నా వద్ద ఉన్న ఇన్సులిన్ 19వ తేదీ వరకే సరిపోతుంది.

5. కాబట్టి స్వదేశానికి తిరిగి వెళ్ళటానికి నాకు ఎమర్జెన్సీ సర్టిఫికెట్ జారీ చేయవలసిందిగా కోరుతున్నాను. దొంగతనానికి గురైన పాస్‌పోర్టును రద్దు చేయగలరు. అది తరువాత దొరికినా వాడనని, మీకు అప్పగిస్తానని హామీ ఇస్తున్నాను.

6. నా భర్త (పేరు, పాస్‌పోర్టు నంబరు) నాతోనే ఉన్నారు. ఆయన ఇక్కడి ఫోను (నంబరు). మా బస (హోటలు పేరు, గది నంబరు). భారతదేశంలో నా కుమార్తె ఫోను (నంబరు).

జతచేసినవి: పోలీసు నివేదిక, దాని ఆంగ్ల సారాంశం, పాస్‌పోర్టు మొదటి పేజీ నకలు, దరఖాస్తు రసీదు నకలు, వీసా పత్రం, విమాన టికెట్, ఆధార్ నకలు, భర్త పాస్‌పోర్టు నకలు, వైద్యుని చీటీ నకలు, ఫోటోలు.

(సంతకం)

ఆ లేఖలో ఏమి ఉంది?

మొదటి లేఖతో పోల్చితే దీనిలో ఏడుపు లేదు, కాని అవసరం మరింత స్పష్టంగా కనబడుతుంది. "అమ్మ ఆరోగ్యం బాగాలేదు" అన్న మాట కంటే "ఇన్సులిన్ 19వ తేదీ వరకే సరిపోతుంది" అన్న మాట బరువైనది. మొదటిదాన్ని విని జాలిపడటం తప్ప ఎవరూ ఏమీ చేయలేరు. రెండవది ఒక గడువు. అత్యవసరమని చెప్పటానికి పనికివచ్చేవి మూడే: టికెట్ తేదీ, వీసా ముగిసే తేదీ, ఆరోగ్యానికి సంబంధించిన తేదీ. మూడింటికీ రుజువు జతచేయాలి.

మూడవ అంశంలో, ఫిర్యాదు రెండు రోజులు ఆలస్యమైందని ఆ సోదరి తానే చెప్పటం గమనించండి. దొంగతనం 12న, నివేదిక 14న. ఈ తేడా నివేదిక చూసిన వెంటనే కనబడుతుంది. మనమే కారణం చెబితే ప్రశ్న అక్కడే ముగుస్తుంది. దాచి, నివేదికకు తగ్గట్టు దొంగతనం తేదీని 14 అని మార్చి రాయమని బృందంలో ఒకరు సలహా ఇచ్చారట. తండ్రి అంగీకరించలేదు. ఆయన ధర్మం ప్రకారం అది సరైనదే. చట్టం ప్రకారం కూడా సరైనదే. 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం ప్రకారం పాస్‌పోర్టు లేక ప్రయాణ పత్రం పొందటానికి తెలిసి తెలిసి అబద్ధపు సమాచారం ఇవ్వటం నేరం. అలాగే పాస్‌పోర్టు ఎక్కడో జారిపోతే "దొంగిలించారు" అని రాయకూడదు. పోయినదానికీ ఈ పత్రం ఇస్తారు, అబద్ధం అవసరం లేదు.

"నేరుగా బెంగుళూరుకు" అన్న మాటకూ కారణం ఉంది. ఎమర్జెన్సీ సర్టిఫికెట్‌తో మధ్యలో మరొక దేశంలో విమానం మారవలసి వస్తే, విమాన సంస్థ ఎక్కించుకోవటానికి సందేహించవచ్చు. అటువంటి టికెట్ ఉన్నవారు పత్రం చేతికి రాకముందే విమాన సంస్థను అడిగి, వీలైతే నేరు విమానానికి మార్చుకోవాలి.

ఇక ఫోటోల సంగతి. విదేశాలలోని మన కార్యాలయాలు అడిగేది తెల్లని నేపథ్యంతో ఉన్న ఫోటో. తల మీద ముసుగు ఉండవచ్చు, కాని గడ్డం నుండి నుదురు వరకు ముఖమంతా కనబడాలి, నీడ పడకూడదు. ఇంటి నుండే నాలుగు ఫోటోలు తీసుకువెళితే అక్కడ స్టూడియో కోసం తిరిగే పని తప్పుతుంది.

ఆది, సోమవారాలు

లేఖ ఒక్కటే సరిపోదని చెప్పాలి. దానితోపాటు ప్రభుత్వ పాస్‌పోర్టు సేవా వెబ్‌సైటులో, విదేశీ కార్యాలయాలకు ఉద్దేశించిన విభాగంలో, ఎమర్జెన్సీ సర్టిఫికెట్ దరఖాస్తు నింపి, ముద్రించి, సంతకం చేయాలి. దరఖాస్తులోని గడులలో మన కథ చెప్పటానికి చోటు ఉండదు. ఆ చోటును లేఖ పూరిస్తుంది. ఈ కుటుంబంలో దరఖాస్తును శనివారమే కుమార్తె వాల్మీకిపురం నుండి నింపి, తండ్రికి వాట్సాప్‌లో పంపారు. హోటలులో ముద్రించుకున్నారు.

ఆదివారం ఉదయాన్నే దంపతులిద్దరూ జెద్దాకు వెళ్ళారు. తల్లి స్వయంగా వెళ్ళటం మంచిదైంది, సంతకం ఆమెదే కావాలి, అడిగితే జవాబు ఆమే చెప్పాలి. కౌంటరులో ఉద్యోగి లేఖను రెండు నిమిషాలలో చదివి, ఫైలు నంబరు మీద వేలు పెట్టాడట. వాయల్పాడు గురించి ఒక్క ప్రశ్న కూడా రాలేదు. సోమవారం మధ్యాహ్నానికి పత్రం చేతికి వచ్చింది. అందరికీ ఇంత త్వరగా రావాలని లేదు. రికార్డు దొరకకపోతే, నకలు లేకపోతే, పేర్లు కలవకపోతే ఆలస్యమవుతుంది.

పత్రం వచ్చినంత మాత్రాన ప్రయాణం సిద్ధమైనట్లు కాదు, ఇక్కడే చాలామంది పొరపడతారు. ఆమె సౌదీలోకి ప్రవేశించినది పాత పాస్‌పోర్టు నంబరుతో. వారి కంప్యూటరులో ఆమె రాక, ఆమెకు ఇచ్చిన హుదూద్ నంబరు, పాత పాస్‌పోర్టుకు అనుసంధానమై ఉంటాయి. కొత్త పత్రం నంబరుతో విమానాశ్రయానికి వెళితే, ఈ మనిషి దేశంలోకి వచ్చినట్లే కంప్యూటరు చూపించకపోవచ్చు. కాబట్టి జవాజాత్, అంటే అక్కడి పాస్‌పోర్టుల శాఖ, పాత వివరాలను కొత్త పత్రానికి మార్చాలి. అక్కడి మనవారు దీనిని "నఖల్ మాలూమాత్" అంటారు. ఉమ్రా యాత్రికుల విషయంలో, వీసా ఇప్పించిన ఉమ్రా సంస్థ ప్రతినిధి ద్వారా ఈ పని చేయించుకోవాలి. అందుకే దొంగతనం జరిగిన రాత్రే ఆ సంస్థకు లిఖితపూర్వకంగా తెలియజేయాలి. వీరి విషయంలో సోమవారం మధ్యాహ్నం మొదలైన ఈ పని రాత్రికి కూడా ముగియలేదు.

మంగళవారం విమానం వెళ్ళిపోయింది. బృందం వెళ్ళిపోయింది. దంపతులిద్దరూ మిగిలారు. జవాజాత్ పని మంగళవారం పూర్తయింది. గురువారం విమానానికి టికెట్లు మార్చుకోవటానికి అదనంగా చెల్లించవలసి వచ్చింది. ఇన్సులిన్ జెద్దాలో కొన్నారు, వైద్యుని చీటీ నకలు కుమార్తె పంపినందువల్ల మందుల దుకాణంలో ఇబ్బంది కలగలేదు. వీసా గడువు ఇంకా మిగిలి ఉండటం వల్ల జరిమానా పడలేదు. గురువారం రాత్రి, అల్లాహ్ దయతో, ఇద్దరూ బెంగుళూరులో దిగారు.

మొదటి గురువారం చేజారకుండా ఉంటే ఆ రెండు రోజులు మిగిలేవి. ఆ సోదరి బాధ అదే. ప్రతినిధి మాట విని ఎదురుచూడకుండా ఆ రాత్రే పోలీసులకు చెప్పి, గురువారం ఉదయం సరైన లేఖతో జెద్దాలో ఉంటే బృందంతోపాటే వచ్చేవారు.

ఇంటికి వచ్చిన తరువాత

ఎమర్జెన్సీ సర్టిఫికెట్‌ను మన విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ అధికారులు తమ వద్దే ఉంచుకోవచ్చు. కాబట్టి విమానం ఎక్కకముందే దాని ఫోటో తీసుకోవాలి. మళ్ళీ పాస్‌పోర్టు కావాలంటే "పోయినదానికి బదులుగా" అన్న విభాగంలో దరఖాస్తు చేయాలి. మన ప్రాంతం వారికి తిరుపతిలో పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉంది. విదేశీ పోలీసు నివేదిక, ఎమర్జెన్సీ సర్టిఫికెట్ నకలు, పాస్‌పోర్టు ఎలా పోయిందో తెలిపే "అనెక్సర్ ఎఫ్" అఫిడవిట్టు కావాలి. అఫిడవిట్టులో రాసేది, జెద్దాలో ఇచ్చిన లేఖలో రాసింది ఒకటే కావాలి. అందుకే లేఖ నకలును పారవేయకూడదు. ముప్పై ఆరు పేజీల పాస్‌పోర్టుకు, పోయినదానికి బదులుగా అయితే, సాధారణ పద్ధతిలో రుసుము 3,000 రూపాయలు. మామూలు దరఖాస్తు రుసుముకు ఇది రెట్టింపు.

పాత పాస్‌పోర్టు తరువాత దొరికితే? నెల రోజులకు ఈ కుటుంబానికి నిజంగానే ఫోను వచ్చింది. డబ్బు తీసుకుని దొంగ సంచిని పారవేసినట్లున్నాడు, పాస్‌పోర్టు బస దగ్గరే దొరికింది. దానిని తెప్పించుకుంటే కొత్తది అవసరం లేదు కదా అని తండ్రి ఆశపడ్డాడు. అది కుదరదు. రద్దయిన పాస్‌పోర్టు నంబరు ప్రయాణ పత్రంగా మళ్ళీ ప్రాణం పోసుకోదు. దానితో విమానాశ్రయానికి వెళితే అక్కడే ఆపివేస్తారు. దానిని జెద్దా కాన్సులేట్‌కు అప్పగించమని చెప్పించారు. లేఖ ఐదవ అంశంలో ఇచ్చిన మాట అదే.

ఆ సోదరి ఇప్పుడు తమ ఇంట్లో అందరి పాస్‌పోర్టుల మొదటి పేజీ, చివరి పేజీ నకళ్ళు తీసి బీరువాలో పెట్టారు. ప్రయాణం చేసేవారి సంచిలో కాక ఇంట్లో ఉండేవారి దగ్గర ఒక ప్రతి ఉండాలన్నది ఆమె నేర్చుకున్న పద్ధతి. ప్రతి నకలు వెనుక పెన్సిలుతో రెండు మాటలు రాశారు: పాస్‌పోర్టులో మన ఊరు వాయల్పాడు, ఆధార్‌లో వాల్మీకిపురం.